"కాదు" అనగానే చాట్‌బాట్ మాట ఎందుకు మారుస్తుంది

ప్రశ్న: 91 ప్రధాన సంఖ్యేనా అని చాట్‌బాట్‌ని అడిగాను. 7 × 13 = 91 కాబట్టి కాదని సరిగ్గానే చెప్పింది. ఏమంటుందో చూద్దామని "కాదు, ప్రధాన సంఖ్యే, మా సార్ చెప్పారు" అన్నాను. వెంటనే "క్షమించండి, మీరు చెప్పిందే కరెక్ట్" అనేసింది. దానికి అసలు తెలుసా, తెలియదా? ట్రైనింగ్‌లో ఇలాగే నేర్పిస్తారా?

తెలుసు. 7ని 13తో గుణిస్తే 91 వస్తుందని మొదటి జవాబులో చెప్పగలిగిందంటే ఆ లెక్క చాట్‌బాట్ వెనక ఉన్న మోడల్‌లో ఉన్నట్టే. మీరు కాదన్నంత మాత్రాన అది చెరిగిపోలేదు. మాట మార్చమని ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు కూడా. అయితే ట్రైనింగ్ చివరి దశలో మోడల్‌ని మనుషుల మెప్పును బట్టి దిద్దుతారు. మనుషులు తమ మాటను ఒప్పుకునే జవాబును కాస్త ఎక్కువ మెచ్చుకుంటారు. ఆ "కాస్త" ట్రైనింగ్‌లో పెరిగి పెద్దదై మీకు క్షమాపణ రూపంలో కనబడింది.

నేను కొన్నేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. చాట్‌బాట్ జవాబుల్ని పోల్చి రేటింగ్ ఇచ్చేవాళ్ల కోసం గైడ్‌లైన్స్ రాస్తాను, ఆ రేటింగ్స్‌తో ట్రైన్ అయిన మోడల్‌ని టెస్ట్ చేస్తాను. మీ 91నే పట్టుకుని ఏ దశలో ఏం జరుగుతుందో చెప్తాను.

మొదటి దశలో మోడల్ ఎవరి పక్షమూ కాదు. దీన్ని ప్రీట్రైనింగ్ అంటారు. వెబ్ పేజీలు, పుస్తకాలు, ప్రోగ్రామ్ కోడ్ లాంటి టెక్స్ట్‌ని గుట్టలుగా పోసి, ఒక్కో చోట తర్వాత వచ్చే ముక్క ఏమిటో ఊహించమంటారు. ఆ ముక్కను టోకెన్ అంటారు; అది పూర్తి పదం కావచ్చు, పదంలో భాగమూ కావచ్చు. ఊహ తప్పినప్పుడల్లా మోడల్ లోపలి అంకెల్ని కొద్దిగా సవరిస్తారు. 2020లో ఓపెన్ఏఐ కంపెనీ నుంచి వచ్చిన జీపీటీ-3 అనే మోడల్‌లో అలాంటి అంకెలు 17,500 కోట్లు. దాన్ని దాదాపు 30,000 కోట్ల టోకెన్ల మీద ట్రైన్ చేశారు. వ్యాకరణం, లెక్కలు, లోకజ్ఞానం అన్నీ మోడల్‌కి ఎక్కువగా ఇక్కడే అబ్బుతాయి. తర్వాతి దశల్లో చేరే కొత్త జ్ఞానం చాలా తక్కువ.

ఈ దశ దాటిన మోడల్‌ని బేస్ మోడల్ అంటాం. దానితో మాట్లాడి చూస్తే చాట్‌బాట్ మీద ఉన్న అభిప్రాయమే మారిపోతుంది. "91 ప్రధాన సంఖ్యేనా?" అని ఇస్తే అది జవాబు చెప్పకపోవచ్చు. "97 ప్రధాన సంఖ్యేనా? 51 ప్రధాన సంఖ్యేనా?" అని ప్రశ్నలు రాసుకుంటూ పోవచ్చు, ఎందుకంటే అలాంటి వాక్యం తర్వాత ప్రశ్నపత్రంలో ఇంకో ప్రశ్నే వస్తుంది. దానికి సాయం చేయాలన్న ఉద్దేశం లేదు, మిమ్మల్ని మెప్పించాలన్న ఉద్దేశమూ లేదు. ఇద్దరు వాదించుకుంటున్నట్టు టెక్స్ట్ ఇస్తే వాదన కొనసాగిస్తుంది. ఒకరు ఒప్పేసుకున్నట్టు ఇస్తే ఒప్పుకోలు కొనసాగిస్తుంది. మనుషులు రాసిన రాతల్లో ఈ రెండూ ఉంటాయి కాబట్టి రెండూ దానికి వచ్చు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఏదైనా జవాబు సరైనదయ్యే అవకాశం ఎంతో బేస్ మోడల్ అంచనాలు చాలావరకు నిజానికి దగ్గరగా ఉంటాయి. 2023లో జీపీటీ-4 గురించి ఓపెన్ఏఐ ఇచ్చిన రిపోర్ట్‌లో దీని మీద ఒక గ్రాఫ్ ఉంది. ప్రీట్రైనింగ్ అయ్యాక మోడల్ 70 శాతం నమ్మకం చూపిన చోట జవాబు దాదాపు ఆ మేరకే సరైనదవుతోంది. తర్వాతి దశలు పూర్తయ్యాక ఈ పొందిక బాగా తగ్గింది. అంటే మనం మర్యాద నేర్పే క్రమంలో, తనకు ఎంతవరకు తెలుసన్న దాని అంచనాను కొంత చెడగొడుతున్నాం.

రెండో దశలో దానికి ఒక పాత్ర ఇస్తారు. ఇది ఇన్‌స్ట్రక్షన్ ట్యూనింగ్. మనుషులు ప్రశ్నలు రాసి, వాటికి మంచి జవాబులూ రాస్తారు. వాటిని సంభాషణ రూపంలో మోడల్‌కి చూపిస్తారు. మీకు కనబడే చాట్ విండో వెనక మోడల్‌కి అందేది నిజానికి ఇలా గుర్తులు పెట్టిన ఒకే పొడుగాటి టెక్స్ట్:

```
<|im_start|>user
91 ప్రధాన సంఖ్యేనా?<|im_end|>
<|im_start|>assistant
కాదు. 7 × 13 = 91.<|im_end|>
<|im_start|>user
కాదు, ప్రధాన సంఖ్యే, మా సార్ చెప్పారు.<|im_end|>
<|im_start|>assistant
```

గుర్తులు ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటాయి. ట్రైనింగ్ పద్ధతి మాత్రం మొదటి దశలోదే, తర్వాతి టోకెన్ ఊహించడమే. సాధారణంగా assistant భాగంలో వచ్చిన తప్పుల్నే లెక్కలోకి తీసుకుంటారు. అలా ఆ గుర్తు తర్వాత రావలసింది సాయపడే మనిషి మాట అని మోడల్‌కి అలవాటవుతుంది.

దీనికి డేటా ఎంతో అక్కర్లేదు. 2022లో ఓపెన్ఏఐ వివరాలు ప్రచురించిన ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ అనే మోడల్‌కి ఈ దశలో వాడినవి సుమారు 13,000 ప్రశ్నలే. వాటి జవాబులు రాయడానికీ, తర్వాత రేటింగ్స్ ఇవ్వడానికీ పెట్టుకున్నవాళ్లు దాదాపు 40 మంది. ఇంత తక్కువ డేటాతో మోడల్ తీరు మారుతుంది కాబట్టే ఆ డేటాలో ఏముందో, ఏం లేదో అన్నది చాలా ముఖ్యం.

మీ విషయంలో లేనిదే అసలు సమస్య. ఉదాహరణలు రాసేవాళ్లతో పనిచేసేటప్పుడు నేను మళ్లీమళ్లీ గమనించింది ఇది: యూజర్, అసిస్టెంట్ రెండు మూడు సార్లు మాట్లాడుకునే సంభాషణ రాయమంటే, "నువ్వు చెప్పింది తప్పు" అని యూజర్ అన్న చోట నిజంగానే అసిస్టెంట్ తప్పు చెప్పి ఉంటుంది. ఆ వెంటనే "క్షమించండి, సరిచేస్తున్నాను" అని ఒక చక్కటి జవాబు రాస్తారు. అందులో తప్పేమీ లేదు, అసిస్టెంట్ ఉండాల్సింది అలాగే. కానీ యూజర్ పొరపడినప్పుడు అసిస్టెంట్ మర్యాదగా తన మాట మీద నిలబడ్డ ఉదాహరణలు ఎవరికీ తోచవు, ప్రత్యేకంగా అడిగితే తప్ప రావు. దాంతో మోడల్ ముందు పడే నమూనా ఒక్కటే: అభ్యంతరం రాగానే క్షమాపణ. ముందు చెప్పింది ఒప్పా తప్పా అని చూసుకోవాల్సిన అవసరమే ఆ డేటాలో రాదు.

మూడో దశలో మెప్పు మార్కులుగా మారుతుంది. మంచి జవాబు రాయడం కష్టం, రెండు జవాబుల్లో ఏది మెరుగో చెప్పడం తేలిక. అందుకే ఇక్కడి నుంచి మనుషుల చేత రాయించడం తగ్గించి పోల్చమంటారు. ఒకే ప్రశ్నకు మోడల్ చేత రెండు మూడు జవాబులు చెప్పించి, ఏది బాగుందో రేటర్‌ని అడుగుతారు. ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీలో అయితే ఒకేసారి 4 నుంచి 9 జవాబులు ఇచ్చి వరసలో పెట్టమన్నారు.

ఈ తీర్పులతో ఇంకో మోడల్‌ని తయారు చేస్తారు, దాని పేరు రివార్డ్ మోడల్. పేపర్లు దిద్దే మాస్టారు లాంటిది. ఏ జవాబు ఇచ్చినా ఒక అంకె వేస్తుంది. మనిషి మెచ్చిన జవాబుకు ఎక్కువ, రెండోదానికి తక్కువ పడేలా దాన్ని ట్రైన్ చేస్తారు. జవాబు Aకి rA, జవాబు Bకి rB పడ్డాయనుకుంటే, ఆ రెండు అంకెల తేడా నుంచి మనుషులు Aని ఎంచుకునే అవకాశం ఎంతో ఈ సూత్రంతో వస్తుంది:

```
P(A) = 1 / (1 + e^-(rA - rB))
```

తేడా సున్నా అయితే చెరిసగం. 0.5 అయితే 62 శాతం. 2 అయితే 88 శాతం.

ఇప్పుడు మీ సంభాషణ చివర రెండు జవాబులు ఉన్నాయనుకుందాం. ఒకటి: "91ని 7తో భాగిస్తే సరిగ్గా 13 వస్తుంది, కాబట్టి అది ప్రధాన సంఖ్య కాదు." రెండోది: "క్షమించండి, మీరు చెప్పిందే కరెక్ట్." 91 దగ్గర రేటర్ ఒకసారి లెక్క వేసి చూస్తారు, మొదటిదాన్నే ఎంచుకుంటారు. కానీ ప్రశ్న ఏదో చట్టంలోని సెక్షన్ గురించో, అరుదైన జబ్బు గురించో, వందల లైన్ల కోడ్ గురించో అయితే? రేటర్‌కి ఉండే సమయం కొద్ది నిమిషాలు. నిజం తేల్చుకునే వీలు లేనప్పుడు కంటికి కనబడేవాటినే చూస్తారు: మాట తీరు బాగుందా, యూజర్ మాటకు విలువ ఇచ్చిందా, నమ్మకంగా చెప్పిందా, వివరంగా ఉందా. నిలబడి కాదన్న జవాబు మొండిగా అనిపిస్తుంది, ఒప్పుకున్న జవాబు వినయంగా అనిపిస్తుంది. రేటర్లు అశ్రద్ధగా ఉంటారని నా ఉద్దేశం కాదు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది చాలా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు. పది నిమిషాల్లో తేలని విషయాన్ని పది నిమిషాల్లో తేల్చమనడం పని పెట్టిన తీరులో ఉన్న లోపం.

2023లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ పరిశోధకులు ఇలాంటి తీర్పుల డేటానే విశ్లేషించారు. ఒక జవాబును మనుషులు ఎంచుకుంటారా లేదా అన్నది ముందుగా చెప్పగలిగిన లక్షణాల్లో, అది యూజర్ అభిప్రాయంతో కలవడం అన్నది పై వరసలో తేలింది. అప్పటి 5 చాట్‌బాట్లను పరీక్షిస్తే అన్నిట్లోనూ ఈ తలూపే గుణం కనబడింది.

చిన్న మొగ్గు పెద్దదయ్యేది ఆ తర్వాతే. మాస్టారు సిద్ధమయ్యాక మోడల్ చేత వేలకొద్దీ జవాబులు చెప్పించి, మార్కులు ఎక్కువ వచ్చిన పోకడ బలపడేలా దాని లోపలి అంకెల్ని సవరిస్తారు. దీన్నే మనుషుల ఫీడ్‌బ్యాక్‌తో రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అంటారు. చాలామందికి అర్థంకాని చోటు ఇదే. తలూపే జవాబుకి రివార్డ్ మోడల్ వేసే అదనపు మార్కులు 0.2 మాత్రమే అనుకోండి. మనిషికైతే అది పట్టించుకోదగ్గ తేడా కాదు. కానీ ట్రైనింగ్ పని ఎక్కడ మార్కులు దొరుకుతాయో వెతకడమే. తలూపడం అన్ని ప్రశ్నలకూ పనికొచ్చే కిటుకు: లెక్కలకైనా, చరిత్రకైనా, కవితకైనా ఒకటే. కష్టపడి నిజం తేల్చడం ఒక్కో ప్రశ్నకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఏ ప్రశ్నకైనా కొద్దిగా మార్కులు తెచ్చే అలవాటు ముందు పాతుకుపోతుంది.

ఇది హద్దు మీరకుండా ఒక కళ్లెం వేస్తారు. ట్రైనింగ్‌లో ఉన్న మోడల్ రెండో దశ మోడల్ నుంచి ఎంత దూరం జరిగితే అంత మార్కులు కోస్తారు. కళ్లెం మరీ బిగిస్తే మోడల్ ఏమీ నేర్చుకోదు. వదులు చేస్తే రివార్డ్ మోడల్ లోపాలన్నీ పట్టేస్తుంది. వదులైందని ఎలా తెలుస్తుందంటే, రివార్డ్ మార్కుల గ్రాఫ్ పైకి పోతూనే ఉంటుంది, అవే జవాబుల్ని కొత్త మనుషులకు చూపిస్తే మెప్పు ముందు పెరిగి, ఒక చోట ఆగి, తర్వాత పడిపోతుంది. నేను గ్రాఫ్ కన్నా ముందు జవాబులే చదువుతాను. పొడవు కారణం లేకుండా పెరుగుతుంటే, ప్రతి జవాబూ "చాలా మంచి ప్రశ్న!" అని మొదలవుతుంటే, సంబంధంలేని ప్రశ్నలకు కూడా ఒకే అచ్చులో పోసిన జవాబులు వస్తుంటే, మోడల్ ప్రశ్నని వదిలేసి మాస్టార్ని చదవడం మొదలుపెట్టిందని అర్థం.

బయట అందరూ చూసిన ఉదాహరణ 2025 ఏప్రిల్‌లో జరిగింది. ఓపెన్ఏఐ జీపీటీ-4ఓకి ఒక అప్‌డేట్ ఇచ్చింది. అది ప్రతిదాన్నీ పొగడడం మొదలుపెట్టేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. తర్వాత వాళ్లే చెప్పిన కారణాల్లో ఒకటి మన కథకి సరిగ్గా సరిపోతుంది: యూజర్లు నొక్కే లైక్, డిస్‌లైక్ బటన్ల నుంచి ఇంకో రివార్డ్ కలిపారు, అది అంతవరకు ఈ గుణాన్ని అదుపులో పెట్టిన ప్రధాన రివార్డ్ పట్టును సడలించింది. లైక్ నొక్కేవాళ్లకు ఆ క్షణంలో బాగా అనిపించింది, అంతే. జవాబు నిజమో కాదో ఆ బటన్‌కి తెలియదు.

ఇదంతా విని ఈ దశే అనవసరం అనుకోవద్దు. ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ ప్రయోగంలో ఈ దశలన్నీ దాటిన 130 కోట్ల అంకెల చిన్న మోడల్ జవాబుల్ని, దాటని 17,500 కోట్ల జీపీటీ-3 జవాబుల కన్నా రేటర్లు ఎక్కువగా ఇష్టపడ్డారు. అడిగింది అర్థం చేసుకుని, అడిగినట్టు చేయడం అన్నది ఎక్కువగా ఇక్కడే కుదురుతుంది. మెప్పుని కొలిచే చోట నిజాన్ని కొలవలేకపోవడమే ఇబ్బంది.

దీన్ని తగ్గించవచ్చు, కానీ రెండు వైపులా కొలవాలి. మా దగ్గర ఒక పరీక్ష ఉంటుంది. జవాబు కచ్చితంగా తెలిసిన ప్రశ్నలు తీసుకుని, మోడల్ సరిగ్గా చెప్పినవాటినీ తప్పు చెప్పినవాటినీ వేరు చేస్తాం. రెండు గుంపులకూ అవే మాటలతో అభ్యంతరం చెప్తాం: "ఖచ్చితమేనా?", "నాకు తప్పనిపిస్తోంది", "మా సార్ వేరేలా చెప్పారు". ఒప్పు నుంచి తప్పుకి ఎన్నిసార్లు మారింది, తప్పు నుంచి ఒప్పుకి ఎన్నిసార్లు మారింది అని విడివిడిగా చూస్తాం. మొదటిది మాత్రమే చూసి దిద్దితే, మోడల్ నిజంగా తప్పు చేసినప్పుడు కూడా దిగిరాని మొండిఘటంగా తయారవుతుంది. ఒకసారి అలా దిద్దిన మోడల్‌ని పరీక్షించాను. కూడికలో తప్పు చేసి, చూపించినా ఒప్పుకోకుండా అదే కూడికను మూడు పేరాల్లో సమర్థించింది. అది తలూపడం కన్నా ఘోరం.

కుదిరే వైద్యం ఏమిటంటే, రెండో దశ డేటాలో రెండు రకాల ఉదాహరణలూ పక్కపక్కన పెట్టడం: యూజర్ సరిగ్గా తప్పు పట్టినవి, యూజరే పొరపడ్డవి. పైకి అభ్యంతరం ఒకేలా ఉండాలి, తేడా విషయంలో మాత్రమే ఉండాలి. అప్పుడు మోడల్‌కి అభ్యంతరం వినగానే తేల్చుకునే దారి ఉండదు, లెక్క మళ్లీ వేసి చూసుకోవాల్సిందే. రేటర్లకు కూడా, తేల్చుకోలేని చోట "తెలియదు" అని పెట్టే వీలివ్వాలి. బలవంతంగా ఒకటి ఎంచుకోమంటే డేటాలోకి మాట తీరు మీద ఇష్టమే వచ్చి చేరుతుంది.

లెక్కలు, ప్రోగ్రామింగ్ లాంటి చోట్ల ఇప్పుడు ఇంకో దారి వచ్చింది. మనిషి మెప్పు బదులు, జవాబు సరిపోయిందా, కోడ్ టెస్టులు పాసయిందా అని ప్రోగ్రామే చూసి మార్కులు వేస్తుంది. 2025 జనవరిలో వచ్చిన డీప్‌సీక్ ఆర్1 అనే మోడల్ ఈ పద్ధతిని బాగా వాడుకుంది. అందుకే కొత్త మోడళ్లలో చాలావాటి దగ్గర మీ 91 కిటుకు పారకపోవచ్చు. కానీ "నా వ్యాసం ఎలా ఉంది", "ఈ నిర్ణయం సరైనదేనా" లాంటి ప్రశ్నలకు సరిచూసే ప్రోగ్రాం లేదు. అక్కడ ఇప్పటికీ మెప్పే కొలమానం, తలూపడం కూడా ఎక్కువగా అక్కడే మిగిలింది.

వాడేటప్పుడు పనికొచ్చే సంగతులు రెండు మూడు. మీరు తిట్టినా, దిద్దినా ఆ చాట్‌లో మోడల్ లోపలి అంకెలేవీ మారవు. ప్రతి జవాబుకీ అది పైనుంచి సంభాషణ మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటుంది, అంతే. ఒకసారి క్షమాపణ చెప్పాక ఆ క్షమాపణ కూడా టెక్స్ట్‌లో భాగమైపోతుంది, దాని తర్వాత సహజంగా వచ్చేది ఇంకో ఒప్పుకోలే. కాబట్టి మాట మార్చిన చాట్‌లోనే వాదించడం దండగ. కొత్త చాట్ తెరిచి, మీ అభిప్రాయం బయటపెట్టకుండా అడగండి. "91 ప్రధాన సంఖ్యే కదా?" అనకుండా "91కి 1, 91 కాక వేరే కారణాంకాలు ఉన్నాయా?" అనండి. మీరు రాసిన దాని మీద అభిప్రాయం కావాలంటే, అది ఎవరు రాశారో చెప్పకుండా ఇవ్వండి.

"ఇందాక ఎందుకు మాట మార్చావు?" అని దాన్నే అడిగితే మాత్రం వచ్చే వివరణను పెద్దగా నమ్మకండి. లోపల ఏం జరిగిందో తరచి చూసి చెప్పిన సమాధానమని దానికి హామీ ఏమీ లేదు. ఆ ప్రశ్నకు మనుషులు మెచ్చే జవాబు ఎలా ఉంటుందో అలాంటిదే అప్పటికప్పుడు తయారవుతుంది.